మా ఆయనకు ఇవ్వబోయే వంట వంతుల చీటీ: ఒకసారి చదివి చెప్పండి

వేసవిగాలి

అందరికీ నమస్కారం. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం, మాకు ఎనిమిదేళ్ల పాప. వంట పంచుకోవడం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా ఐదు నిమిషాల్లో పాత గొడవలన్నీ బయటికొస్తున్నాయి. అసలు విషయం అక్కడే ఉండిపోతోంది. అందుకని ఈసారి రాసి ఇద్దామనుకున్నాను. ఆయన వంటింట్లోకి అడుగుపెట్టని మనిషేం కాదు. "ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తా" అంటారు. చీటీ ఇలా రాశాను:

"ఏవండీ, ఇది కోపంతో రాస్తున్నది కాదు. ఇన్నేళ్లుగా వంట సంగతంతా నేనే చూసుకుంటున్నానని మీకూ తెలుసు. ఇకనుంచి ఇలా పంచుకుందామా? సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి వంట నాది. మంగళ, గురు, శనివారాలు మీది. ఆదివారం ఇద్దరం కలిసి చేద్దాం. వారంలో ఏమేం వండాలో ఆదివారం రాత్రి ఇద్దరం కూర్చుని అనుకుందాం. తన వంతు రోజు కుదరనివాళ్లు ముందే చెప్పాలి. పాప తినని కూరలు వారంలో ఒకటికి మించి వద్దు. సరేనంటే వచ్చే వారమే మొదలుపెడదాం."

సమానంగానే ఉందా? చదివి నొచ్చుకుంటారా? మీకేమనిపిస్తే అది చెప్పండి.

రిటైర్డ్_మనిషి

అమ్మా, ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు చీటీలు రాసుకోవడం ఏమిటి? ఆఫీసు నోటీసులా ఉంటుంది. భోజనాల దగ్గర మెల్లగా చెప్తే సరిపోదా?

వేసవిగాలి

మెల్లగానే మొదలుపెడతానండీ. కానీ భోజనాల టైముకి ఇద్దరం అలిసిపోయి ఉంటాం, పక్కన పాప ఉంటుంది. కాగితమైతే ఆయన తనకు వీలైనప్పుడు చదువుకుంటారు, వెంటనే జవాబు చెప్పాల్సిన పని ఉండదు. నాకూ అన్నీ ఒక వరుసలో చెప్పడం కుదురుతుంది.

కొత్తసభ్యుడు

మెనూ కావాలా మేడమ్? త్వరగా అయిపోయే కూరలు పది చెప్పగలను. అన్నీ ఇరవై నిమిషాల్లో అయ్యేవే. అడ్రస్ పెట్టండి, ఫైల్ పంపిస్తా.

వేసవిగాలి

థాంక్సండీ, కూరలు వచ్చు. ఎవరు చెయ్యాలన్నదే తేలట్లేదు.

లెక్కలపంతులు

చీటీలో రాత్రి వంటలు మాత్రమే ఉన్నాయి. చెరి మూడు, ఒకటి ఉమ్మడి. చూడ్డానికి సమానమే. కానీ కొన్ని విషయాలు తెలియకుండా సమానమో కాదో చెప్పలేను. పొద్దున బాక్సులు ఎవరు కడతారు? గిన్నెలు ఎవరు తోముతారు? సరుకులు ఎవరు తెస్తారు? ఎవరు ఎన్నింటికి ఇంటికొస్తారు? ఒక్కో పనికి సుమారు ఎంతసేపు పడుతుందో కూడా రాయండి. మీరు చేసే పనులకే కాదు, ఆయన చేసేవాటికీ.

వేసవిగాలి

పొద్దున బాక్సులు వారానికి ఐదు రోజులు, నేనే. ముప్పావు గంటకి కాస్త తక్కువ, 35 నిమిషాలనుకోండి. గిన్నెలు నేనే, రోజుకి 20 నిమిషాలు. శనివారం పొద్దున సరుకులూ కూరగాయలూ ఆయన తెస్తారు, వెళ్లి రావడానికి గంటంబావు. రాత్రి వంట 50 నిమిషాలు.

నేను ఆరింటికి వచ్చేస్తాను, బుధవారం మాత్రం ఏడున్నర అవుతుంది. ఆయన ఆరున్నరకి వస్తారు. మంగళ, గురువారాలు మాత్రం ఆయన డ్యూటీ ఆలస్యంగా మొదలవుతుంది. పది గంటలకి బయల్దేరి రాత్రి ఎనిమిదిన్నరకి వస్తారు. పాప ఏడున్నరకి తిని తొమ్మిదికి పడుకోవాలి.

ఇంటాయన

మగవాళ్ల తరఫున ఒక మాట. మంగళ, గురువారాలు ఎనిమిదిన్నరకి వచ్చే మనిషికి ఆ రెండు రోజులే వంతు వేశారు. పాప ఏడున్నరకి తినాలంటున్నారు. ఇది మొదటి వారమే విఫలమవుతుంది. అప్పుడు "చూశారా, మీ వల్ల కాదు" అనే మాట వస్తుంది.

వేసవిగాలి

రోజు విడిచి రోజు అయితే గుర్తుంటుందని అలా వేశాను. మార్చాల్సిందే అయితే.

లెక్కలపంతులు

అంకెలు ఇచ్చినందుకు థాంక్స్. కూడి చూశాను. మీ చీటీ ఉన్నది ఉన్నట్టు అమలైతే, మిగతా పనులు ఇప్పటిలాగే సాగితే, వారానికి మీ పని 490 నిమిషాలు, ఆయన పని 250. అంటే వంతులు చెరి సగం పంచుకున్నాక కూడా మీకు వారానికి నాలుగు గంటలు ఎక్కువే. ఆ తేడా అంతా పొద్దున బాక్సుల్లోనూ గిన్నెల్లోనూ ఉంది, రాత్రి వంటలో లేదు. మీరు మాత్రం పోట్లాట రాత్రి వంట మీద పెట్టుకున్నారు.

రోజులు వచ్చే టైమును బట్టి మారుద్దాం. ఆయనకి సోమ, బుధ, శని. బుధవారం మీరు ఆలస్యం కాబట్టి అది ఆయనకే పడాలి. మీకు మంగళ, గురు, శుక్ర. ఆదివారం ఉమ్మడి. మంగళ, గురువారాలు పొద్దున ఆయన పది దాకా ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆ రెండు రోజుల బాక్సులు ఆయనవి. వండనివాళ్లు గిన్నెలు తోమాలి. అప్పుడు మీకు 350, ఆయనకి 390.

ఇప్పుడు ఆయనకే 40 నిమిషాలు ఎక్కువైంది. నెలలో ఒకసారి సరుకులకి మీరు వెళ్తే అది కూడా దాదాపు సరిపోతుంది. అక్కడితో ఆగండి, నిమిషం నిమిషం లెక్క పెడితే కాపురం కాదు, ఆడిట్ అవుతుంది.

ఇంకొక్క మాట. ఈ టైములన్నీ మీరొక్కరే చెప్పినవి. 1979లో మైఖేల్ రాస్, ఫియోరే సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో నీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరు చెప్పిన వాటాలు కలిపితే చాలా జంటల్లో నూరు శాతం దాటింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. తను చేసిన పని తనకి బాగా గుర్తుంటుంది, పక్కవాళ్లది కంటపడదు. కాబట్టి ఈ అంకెలు చీటీలో పెట్టకండి. ఆయన్ని కూడా తన అంచనా రాయమని అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పప్పుగరిటె

చాలా ఏళ్లు హాస్టల్ వంటగది నడిపాను, ఇప్పుడు నా ఇంటి వంటగది మాత్రమే. పంతులుగారి లెక్క బాగుంది. కానీ దాంట్లోకి రాని పని ఒకటి ఉంది. అసలు గొడవ అక్కడే పుడుతుందని నా అనుభవం.

"ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తా" అనే మాటనే తీసుకోండి. చెప్పాలంటే ఏం చెయ్యాలి? ఫ్రిజ్‌లో ఏముందో తెలిసుండాలి. ఆకుకూర రేపటికి వాడిపోతుందని గుర్తుండాలి. పాపకి నిన్నటిదే మళ్లీ పెడితే తినదని తెలియాలి. శనగలు రాత్రే నానబెట్టాలి. నూనె అడుగుకి వచ్చిందని గమనించాలి. ఇదంతా అయ్యాక "ఈరోజు ఇది చెయ్యండి" అనే ఒక్క ముక్క బయటికొస్తుంది. విన్నవాళ్లకి ఆ ముక్కే కనిపిస్తుంది.

ఆలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఈ పని మీదే ఒక అధ్యయనం అచ్చు వేసింది. జంటలను విడివిడిగా ఇంటర్వ్యూ చేసి, ఇంటి గురించిన ఆలోచనని నాలుగుగా విడదీసింది: అవసరం ముందుగా పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, తర్వాత జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించేటప్పుడు భర్తలు బాగానే పాలుపంచుకుంటారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్యల మీదే పడుతున్నాయని ఆమెకి కనిపించింది. మీ చీటీలో "ఆదివారం కూర్చుని అనుకుందాం" అనేది నిర్ణయం మాత్రమే. మిగతా మూడూ ఎవరివో మీరు రాయలేదు. రాయకపోతే అవి మీ దగ్గరే ఉండిపోతాయి.

అందుకని వంతు అంటే గరిటె తిప్పడం అని కాకుండా ఆ రోజు మొత్తం అని రాయండి. సోమవారం ఆయనదంటే, ఆదివారం రాత్రి ఏమైనా నానబెట్టాలా, ఫ్రీజర్‌లోంచి ఏమైనా కిందకి దించాలా అన్నది కూడా ఆయనదే. మీరు గుర్తుచెయ్యకూడదు. ఇది మీకే కష్టంగా ఉంటుంది, చూడండి.

ఇక మెనూ గురించి. సరుకులు శనివారం పొద్దున వస్తున్నాయి. మెనూ ఆదివారం రాత్రి అనుకుంటామని రాశారు. అంటే కొన్న తర్వాత ఏం వండాలో ఆలోచిస్తారు. అప్పుడు ఉన్నవాటితో సర్దుకోవడమే అవుతుంది, బుధవారానికి ఏదో ఒకటి తక్కువై ఎవరో ఒకరు మళ్లీ బజారుకి పరుగెత్తాలి. శుక్రవారం రాత్రికి మార్చండి.

వేసవిగాలి

నిజమే, ప్రతి బుధవారం ఏదో ఒకటి తక్కువవుతుంది! నేను ఆయన లిస్టు సరిగా చూసుకోరని అనుకుంటున్నాను. అసలు లిస్టు ఎక్కడుంది?

ఆదివారంవంట

ఇంత తతంగం ఎందుకండీ? ఆదివారం ఇద్దరూ కలిసి మూడు గంటలు కూర్చుని వారానికి సరిపడా వండేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. రోజూ వేడి చేసుకోవడమే. మేం ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం. వంతులే అక్కర్లేదు.

పప్పుగరిటె

సగం వరకు నేనూ ఒప్పుకుంటాను. ఆదివారం ఉమ్మడి వంటలో రెండు పూటలకి సరిపడా పప్పో కూరో ఎక్కువ చేసుకుంటే సోమ, మంగళవారాలు తేలికవుతాయి. కానీ వారమంతా అంటే కుదరదు. వండిన కూర ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. అది కూడా వండిన రెండు గంటల్లోపు లోపల పెడితేనే, ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర గానీ అంతకన్నా చల్లగా గానీ ఉంటేనే. ఆదివారం వండింది గురువారం దాకా వస్తుంది. శుక్రవారానికి కావాలంటే మొదటి రోజే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా విత్తనాల్లాంటివి ఉడికినా చావవు. అన్నం బయట గోరువెచ్చగా పడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే మిగిలిన అన్నం గంటలోపు వెడల్పు పళ్లెంలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినెయ్యాలి. వాసన చూసి బాగుందనుకోవడం దీంట్లో పనికిరాదు, వాసన మారకపోవచ్చు.

ఆదివారంవంట

ఇన్నేళ్లలో మాకేం కాలేదు మరి.

పప్పుగరిటె

సంతోషం. నేను మా హాస్టల్లో మాత్రం ఆ ధైర్యం చెయ్యలేదు.

రాత్రిడ్యూటీ

మా ఇంట్లో కథ వేరు. నాది ఆసుపత్రి డ్యూటీ, షిఫ్టు రెండు వారాలకోసారి మారుతుంది. ఆయనది మామూలు ఉద్యోగం. సోమవారం నీది, మంగళవారం నాది అని వేసుకుంటే మాకు ఒక్క వారం కూడా నిలబడలేదు. అందుకే రోజులు కాకుండా షిఫ్టును బట్టి వేసుకున్నాం. నేను రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు రాత్రి వంటలన్నీ ఆయనవి, పగటి డ్యూటీలో ఉన్నప్పుడు ఎక్కువ నావి. నెల మొత్తం చూస్తే సరిపోతుంది. ఏదో ఒక్క వారాన్ని పట్టుకుని చూస్తే మాత్రం ఎవరికో ఒకరికి ఘోరంగా ఉంటుంది. ఆ ఘోరమైన వారంలో ఉన్నవాళ్లకి నెల లెక్క చెప్పకండి, ఇది నా సలహా.

ఇంకొకటి. మేం అత్యవసరానికి ఒక "ఏమీ చెయ్యలేని రోజు వంట" పెట్టుకున్నాం. గుడ్లు, బ్రెడ్, ఒక పండు. అలిసిపోయి వచ్చినవాళ్లు అది పెడితే అవతలివాళ్లు ఏమీ అనకూడదు. అది కూడా వంతు చేసినట్టే లెక్క. ఇది లేకపోతే ఆలస్యమైన ప్రతిసారీ "సరేలే నేనే చేస్తాలే" అని అవతలివాళ్లు లేస్తారు. నెలకల్లా వంతులన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

ఇంటాయన

ఆ గుడ్లూ బ్రెడ్డూ సంగతి చాలా ముఖ్యం. ఇంకో కోణం చెప్తాను. మా ఇంట్లో వంతు నాకు వచ్చాక నాకు చేతనైనవి నాలుగే అని తేలింది. మా ఆవిడ మెనూలో రోజుకో కొత్త కూర రాసేది. నేను ఫోన్‌లో వీడియో చూస్తూ గంటన్నర తంటాలు పడేవాణ్ణి. ఆవిడ వెనకనుంచి "ఉప్పు వేశారా, మంట తగ్గించండి" అంటుంటే గరిటె ఆవిడ చేతికిచ్చి వెళ్లిపోయాను. వేసవిగాలి గారూ, ముందు మీ వారికి ఏమేం వచ్చో ఆయన్నే రాయమనండి. మెనూ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. మొదటి నెల నాలుగు కూరలే తిరిగి తిరిగి వచ్చినా పర్లేదు.

వేసవిగాలి

ఆయనకి వచ్చినవి నాకు తెలుసు: పప్పు, కోడిగుడ్డు కూర, చికెన్, వేయించిన అన్నం. అవి మాత్రం బాగా చేస్తారు. చికెన్ నాకంటే బాగా చేస్తారు, పాప పైకే చెప్తుంది.

వెనకనుంచి మాట్లాడే అలవాటు... నాకూ ఉంది. ఉల్లిపాయలు అంత లావుగా కోస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

పప్పుగరిటె

ఉల్లిపాయల దగ్గర ఊరుకోవాలి. కానీ అన్నీ వదిలెయ్యమనట్లేదు. ముందే ఇద్దరూ ఒప్పుకోవాల్సినవి రెండు మూడు ఉంటాయి: భోజనం ఏడున్నరకి సిద్ధం, ఒక కూరగాయ తప్పనిసరి, పాపకి కారం తక్కువ. అవి చీటీలో ఉండాలి. అందులో లేనిదేదీ రెండోవాళ్లకి సంబంధం లేదు.

సరే, ఆయనకి వచ్చిన నాలుగింటితోనే వారం ఎలా కూర్చుతానో చెప్తాను. సరుకులు శనివారం వస్తాయి కాబట్టి వారం శనివారం మొదలవుతుంది. పాడయ్యేవి ముందు, నిలవుండేవి చివర.

శనివారం ఆయన చికెన్. పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే ఉంటుంది కాబట్టి తెచ్చిన రోజే. రెండో ప్యాకెట్టు కొంటే అప్పుడే ఫ్రీజర్‌లోకి.
ఆదివారం ఇద్దరూ కలిసి ఆకుకూర పప్పు, కాస్త ఎక్కువగా.
సోమవారం ఆయన కోడిగుడ్డు కూర, పక్కన ఆదివారం పప్పు.
మంగళవారం మీరు శనగల కూర. సోమవారం రాత్రే మీరు శనగలు నానబెట్టాలి. అన్నం రెండు గ్లాసులు ఎక్కువ పెట్టి గంటలోపు ఫ్రిజ్‌లోకి.
బుధవారం ఆయన వేయించిన అన్నం. మంగళవారం అన్నం ఉంది కాబట్టి అరగంటలో అయిపోతుంది, క్యారెట్, బీన్స్ అందులోకే.
గురువారం మీరు, ఫ్రీజర్‌లోని చికెన్. బుధవారం రాత్రి దాన్ని కింది అరలోకి దించాలి. బయట గట్టు మీద పెట్టి కరిగించకండి.
శుక్రవారం మీరు బంగాళదుంప, మిగిలిన కూరగాయలన్నీ కలిపి. ఆ రాత్రే ఫ్రిజ్ ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి వచ్చే వారం మెనూ, సరుకుల లిస్టు అప్పుడే రాసెయ్యండి.

మంగళవారం, బుధవారం చూడండి. ఒకరి వంతు రెండోవాళ్ల మీద ఆధారపడింది. మంగళవారం మీరు అన్నం ఎక్కువ పెట్టడం మర్చిపోతే బుధవారం ఆయన ఇబ్బంది పడతారు. అందుకని ఫ్రిజ్ తలుపు మీద అంటించే కాగితంలో మూడు గడులు గియ్యండి: ఎవరు, ఏం వండాలి, ముందురోజు రాత్రి ఏం చెయ్యాలి. చాలామంది మొదటి రెండూ గీసి మూడోది వదిలేస్తారు. ఆ మూడో గడే తలలో తిరిగే పనిని కాగితం మీదకి తెస్తుంది. ఇలాంటి రెండు వంతుల మీద నడిచే పనులు వారానికి ఒకటికి మించి పెట్టకండి.

లెక్కలపంతులు

గిన్నెల గురించి నేను చెప్పిన పద్ధతిలో ఒక చిక్కుంది. వండినవాళ్లు తోమకపోతే, గిన్నెలు ఎన్ని వాడితే నాకేం అనిపిస్తుంది. మా అబ్బాయి వండిన రోజు వంటింట్లో శుభ్రమైన గరిటె మిగలదు.

ఇంటాయన

అందుకే మేం ఎవరి రోజు వాళ్లే తోముకుంటాం. వంతు అంటే రోజు మొత్తం అన్నారుగా.

రాత్రిడ్యూటీ

అలా అయితే వంట రోజు చాలా బరువవుతుంది. ఆరున్నరకి వచ్చి వండి, తిని, తోమి, తొమ్మిదైపోతుంది. నాకైతే వండాక సింక్ వైపు చూడాలనిపించదు. వేరేవాళ్లు తోమితేనే నయం.

పప్పుగరిటె

దీనికి ఒక్క సమాధానం లేదు. మధ్యేమార్గం ఒకటుంది: వండేటప్పుడు వాడిన గిన్నెలు వండినవాళ్లవి, తిన్న కంచాలూ వడ్డించిన గిన్నెలూ రెండోవాళ్లవి. కూర ఉడికేలోపు పదిహేను నిమిషాలు ఖాళీ ఉంటుంది, మొదటివి అప్పుడే అయిపోతాయి. కానీ అలవాటు లేనివాళ్లకి ఆ ఖాళీ మొదట్లో దొరకదు.

రిటైర్డ్_మనిషి

చదువుతూ వచ్చాను. ఒక సంగతి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. "ఇన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను" అనే వాక్యం తీసెయ్యమ్మా. చదివే మగవాడు అక్కడే ఆగి జవాబు వెతుక్కుంటాడు, కిందికి రాడు.

రాత్రిడ్యూటీ

తీసెయ్యకండి. అది నిజం. నిజం చెప్పకుండా ఎందుకు మార్చాలో ఎలా తెలుస్తుంది?

వేసవిగాలి

రెండూ కుదిరేలా చూశాను. మళ్లీ రాసింది ఇది:

"ఏవండీ, తీరిక చూసుకుని చదవండి, ఈరోజే జవాబు అక్కర్లేదు. వంట చెయ్యడం కన్నా, రోజూ ఏం వండాలో ఆలోచించడం నాకు ఎక్కువ అలసటగా ఉంది. ఆ ఆలోచన కూడా మీతో పంచుకోవాలని రాస్తున్నాను.

సోమ, బుధ, శని రాత్రులు మీవి. మంగళ, గురు, శుక్ర నావి. ఆదివారం ఇద్దరం. మీరు ఆలస్యంగా వెళ్లే మంగళ, గురువారాలు పొద్దున బాక్సులు మీరు కడతారా? మిగతా మూడు రోజులు నేను కడతాను. సరుకులకి నెలలో ఒకసారి నేను వెళ్తాను, మిగతా వారాలు మీరు.

ఎవరి రోజు అయితే ఆ రోజు మొత్తం వాళ్లది. ముందురోజు నానబెట్టడం కూడా. నేను గుర్తుచెయ్యను, వెనక నిలబడి చెప్పను. ఉల్లిపాయలు మీ ఇష్టం. భోజనం ఏడున్నరకి సిద్ధంగా ఉండాలి, ఒక కూరగాయ ఉండాలి, పాపకి కారం తక్కువ. ఈ మూడే నియమాలు. ఒంట్లో ఓపిక లేని రోజు గుడ్లూ బ్రెడ్డూ పెట్టుకుందాం, ఎవరూ ఏమీ అనొద్దు.

మెనూ శుక్రవారం రాత్రి పాప పడుకున్నాక ఇరవై నిమిషాలు. మీరు మూడు రాయండి, నేను మూడు రాస్తాను, ఆదివారానిది పాప చెప్తుంది. మీకు వచ్చినవే రాయండి, తిరిగి తిరిగి వచ్చినా పర్లేదు. కుదరని రోజు మార్చుకోవాలంటే ముందురోజు రాత్రిలోపు అడిగి, అదే వారంలో తిరిగివ్వాలి.

గిన్నెల సంగతి నాకూ తేలలేదు, మీరే చెప్పండి. నాలుగు వారాలు చూసి, ఏం మార్చాలో మళ్లీ కూర్చుందాం. ఇందులో మీకు నచ్చనిది కొట్టేసి పక్కన రాయండి."

పప్పుగరిటె

ఇది ఇవ్వొచ్చు. "అదే వారంలో తిరిగివ్వాలి" అన్నది బాగుంది. లేకపోతే అప్పులు పేరుకుపోతాయి.

కొత్తసభ్యుడు

మేడమ్, పాప చెప్పే రోజు ప్రతివారం ఒకటే చెప్తుంది. మా వాడు ఆరు వారాలూ నూడుల్సే అన్నాడు.

వేసవిగాలి

చీటీ ఇచ్చాను. రెండు రోజులు ఏమీ అనలేదు, నాకు టెన్షన్ మొదలైంది. నిన్న రాత్రి కాగితం తిరిగి టేబుల్ మీద పెట్టారు, ఎర్ర పెన్నుతో దిద్ది.

రోజులకి సరే. మంగళ, గురువారం బాక్సులకి సరే, కానీ పక్కన "పాప జడ కూడా నాదేనా?" అని ప్రశ్న గుర్తు పెట్టారు. సరుకుల దగ్గర కొట్టేసి "ప్రతివారం నేనే వెళ్తా, నువ్వు తెచ్చే టమాటాలు మెత్తగా ఉంటాయి" అని రాశారు. గిన్నెలు "ఎవరు వండితే వాళ్లే, వారం చూద్దాం" అన్నారు. చివర్న ఇంకో పని చేర్చారు: పొద్దున్నే ఇద్దరికీ టీ రోజూ ఆయనే పెడుతున్నారు, అది చీటీలో ఎక్కడా లేదని.

అది నిజమే. రోజూ నాకు కప్పు చేతికొస్తుంది, నేనెప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

లెక్కలపంతులు

రోజుకి పది నిమిషాలు, వారానికి డెబ్భై. సరుకులు కూడా ఆయనవే అయితే ఇప్పుడు తేడా మీవైపు బాగానే మొగ్గింది. బుధవారం బాక్సు ఆయనకి వెయ్యాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గిన్నెలు ఎటు తేలతాయో చూశాక మళ్లీ కూడుదాం.

ఇంటాయన

జడ సంగతి ఏమైంది?

వేసవిగాలి

మంగళవారం వేశారు. పాప స్కూల్ గేటు దాకా వెళ్లేలోపే ఊడిపోయిందట. గురువారం మళ్లీ వేస్తానంటున్నారు, నేనేం అనలేదు.